పద్దులో తగ్గిన 250 రూపాయలు

బీదర్ పాతూళ్లో చౌబారా బురుజు దాటి మహమూద్ గవాన్ మదర్సా వైపు వెళ్తుంటే, సందులో ఒక చిన్న కిరాణా కొట్టు కనిపిస్తుంది. జహీరాబాద్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబానిది. నేను వెళ్లేసరికి యజమాని బ్యాంకు పద్దులు చూస్తూ తల పట్టుకున్నాడు.

"నిన్న ఇరవై ఏడు మంది ఫోన్‌లో కొట్టారమ్మా. బ్యాంకులో ఒక్క పద్దే ఉందేంటి?"

"రోజంతా వచ్చినవి కలిపి ఒకేసారి వేస్తారు నాన్నా," అంది బీకాం చదివే కూతురు.

ఆయన గందరగోళం అర్థమయ్యేదే. మొదట్లో వాడింది సొంత ఖాతా క్యూఆర్. అందులో ప్రతి చెల్లింపూ విడిగా జమయ్యేది. ఇప్పుడున్నది వ్యాపారుల క్యూఆర్. దాని కంపెనీ రోజు మొత్తాన్ని మర్నాడు ఒకే జమగా పంపిస్తుంది. కాబట్టి నోటుబుక్కును నేరుగా బ్యాంకు పద్దుతో పోలిస్తే లెక్క కుదరదు. మధ్యలో యాప్‌లోని సెటిల్‌మెంట్ జాబితా చూడాలి.

అమ్మాయి మూడూ పక్కపక్కన పెట్టింది. నోటుబుక్కులో 6,840. యాప్‌లో 26 చెల్లింపులు, 6,590. బ్యాంకులోనూ 6,590. జాబితా కింద ఉన్న యూటీఆర్ నంబరు, బ్యాంకు పద్దులోని నంబరు ఒకటే. అంటే కంపెనీ నుంచి బ్యాంకుకు రావాల్సిందంతా వచ్చింది. తేడా కొట్టు దగ్గరే జరిగింది.

ఒక్కో వరసకు టిక్కు పెడుతూ పోతే సాయంత్రం ఏడుగంటల పప్పు, నూనె బేరం మిగిలింది. 250 రూపాయలు. కొనుక్కున్నాయన ఫోన్ చూపించాడు, స్పీకర్ మాత్రం పలకలేదు. రద్దీలో యజమాని పట్టించుకోలేదు. ఆ తెర మీద ఉన్నది Processing అట. డబ్బు కొనుక్కున్నాయన ఖాతాలోంచి పోయినా, కొట్టుకు చేరిందన్న కబురు రాలేదు. ఇలాంటప్పుడు ఐదు రోజుల్లోగా దానంతటదే కట్టినవారి ఖాతాకు తిరిగి జమ కావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే నిబంధన పెట్టింది. కొనుక్కున్నాయన తెలిసిన మనిషే. డబ్బు తిరిగొచ్చాక నగదిస్తానన్నాడు.

ఈ లెక్క నాకు ముఖ్యమనిపించడానికి ఇంకో కారణముంది. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు చాలామంది హడలిపోయారు. సరుకులు అమ్మేవారికి జీఎస్టీ నమోదు హద్దు ఏడాదికి 40 లక్షలు. యజమాని బావమరిది తీర్చిన చేబదులు కూడా ఈ క్యూఆర్‌లో పడితే, పైనుంచి చూసేవారికి అదీ అమ్మకంలాగే కనిపిస్తుంది. అది అప్పు సొమ్మని చెప్పగలిగేది పుస్తకమే.

అందుకే కూతురు నోటుబుక్కులో రెండు గళ్లు పెంచింది. ఒకటి స్పీకర్ పలికిందా లేదా అన్నది, రెండోది అమ్మకమా ఇంటి డబ్బా అన్నది. ఇంటి డబ్బు ఇకమీద పాత ఖాతాకే పంపమని బావమరిదికి అక్కడికక్కడే ఫోన్ చేశాడు యజమాని.