మా ఊరా, మన ఊరా: అక్కకి పంపిన పుట్టినరోజు మెసేజ్

కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఇంగ్లీషులో మంచి బర్త్‌డే మెసేజ్ ఒకటి రాసుకుని, ఫోన్లో తెలుగులోకి మార్చి పంపేయడం ఇప్పుడు మనలో చాలామందికి అలవాటే. అలా మారిస్తే నవ్వొచ్చే తప్పులు వస్తాయని కూడా అందరికీ తెలుసు. అవి పెద్ద ప్రమాదం కాదు. నవ్వొచ్చే తప్పు దానంతట అదే బయటపడుతుంది, పంపేముందు ఎవరో ఒకరు పట్టుకుంటారు. తప్పులా కనబడకుండా, వ్యాకరణం అంతా సరిగ్గా ఉండి, అవతలి మనిషిని మాత్రం మన నుంచి దూరంగా జరిపేసే మాటలు వేరే ఉంటాయి. ఈ పోస్టు వాటి గురించి.

మా పాడేరు ఏజెన్సీలో నాకు సీనియర్ అక్క ఒకామె ఉంది. మాది ఒకటే ఊరు, ఒకటే హాస్టల్. మా ఊళ్లో నర్సింగ్ చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. ఇప్పుడు విశాఖపట్నంలో స్టాఫ్ నర్సుగా చేస్తోంది. షిఫ్టులు కుదరక రెండేళ్లుగా పండక్కి రాలేదు. ఊళ్లో కొందరు "అది పట్నం మనిషి అయిపోయిందిలే" అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఆమె చెవిన పడింది, బాధపడింది కూడా. ఈసారి ఆమె పుట్టినరోజుకి హాస్టల్ జూనియర్లం అందరం కలిసి ఒక మెసేజ్ పంపుదాం అనుకున్నాం. మా తమ్ముడొకడు ఇంగ్లీషులో చక్కగా రాసి, ఫోన్లో తెలుగులోకి మార్చి, ఒకసారి చూడమని నాకు పంపాడు. వచ్చిన తెలుగు ఇది:

"ప్రియమైన సోదరి, పుట్టినరోజు శుభాకాంక్షలు! మీరు చాలా దూరం వచ్చారు. మీరు మా గ్రామానికి గర్వకారణం. మీరు మందపాటి మరియు సన్నని సమయాల్లో ఎల్లప్పుడూ మా కోసం అక్కడ ఉన్నారు. మేము మీ గురించి చాలా గర్వపడుతున్నాము. మీ కలలన్నీ నిజం కావాలి. వందేళ్లు వర్ధిల్లండి!"

"మందపాటి మరియు సన్నని" దగ్గర అందరం ఆగాం. ఇంగ్లీషులో "త్రూ థిక్ అండ్ థిన్" అంటే కష్టంలోనూ సుఖంలోనూ అని. యంత్రం మాటకి మాట పెట్టేసింది. దాన్ని దిద్దడం ఒక్క నిమిషం పని. తమ్ముడు "ఇదొక్కటి మార్చి పంపేద్దాం అన్నా" అన్నాడు. నేను ఆపాను. మిగతా లైన్లు అక్క చదువుతున్నట్టు ఊహించుకుని మళ్లీ చదవమన్నాను.

సోదరి. మీరు. చాలా దూరం వచ్చారు. మా గ్రామం. ఈ నాలుగూ విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు కాదు. కలిపి చదివితే ఊరి వాళ్లు అంటున్నదే మేమూ అంటున్నట్టు ఉంది: నువ్వు పరాయిదానివి అయిపోయావు, దూరం వెళ్లిపోయావు, ఈ ఊరు మాది, నీది కాదు. మాలో ఒక్కరికీ అలాంటి ఉద్దేశం లేదు. తమ్ముడు రాసిన ఇంగ్లీషులోనూ లేదు. మరి ఎక్కడినుంచి వచ్చింది?

ఇంగ్లీషులో చెప్పనవసరం లేని కొన్ని సంగతులు తెలుగులో చెప్పకుండా వాక్యం పూర్తి కాదు. అక్కడినుంచి వచ్చింది. ఇంగ్లీషులో "యూ" ఒక్కటే. తెలుగులో నువ్వా, మీరా తేల్చుకోకుండా క్రియ కూడా రాయలేం. "సిస్టర్" అంటే అక్కో చెల్లో ఇంగ్లీషు చెప్పదు. "అవర్" అంటే వినేవాళ్లని కలుపుకునే "మన"నో, వాళ్లని బయట ఉంచే "మా"నో అసలే చెప్పదు. ఇవన్నీ రాసిన తమ్ముడి మనసులో ఉన్నాయి, కాగితం మీద లేవు. యంత్రం చేతికి వచ్చింది కాగితం మీద ఉన్నదే కాబట్టి అది ఊహించుకోవాలి. ఊహించేటప్పుడు రాతల్లో ఎక్కువగా కనబడే మర్యాద భాష వైపే మొగ్గుతుంది. అందుకే సోదరి, మీరు, మరియు, గ్రామం. ఆహ్వాన పత్రికకి ఆ భాష సరిపోతుంది. జ్వరం వస్తే మన పక్కన రాత్రంతా కూర్చున్న అక్కకి సరిపోదు.

ఇక ఒక్కోటీ ఎలా దిద్దామో చెప్తా.

ముందు "సోదరి" తీసి "అక్కా" పెట్టాం. పక్కనున్న "ప్రియమైన" కూడా తీసేశాం. మనం ఇంట్లో ఎవరినీ ప్రియమైన అని పిలవం, ప్రేమంతా "అక్కా" అన్న పిలుపులోనే ఉంది. తర్వాత "మీరు". మేం ఆమెని హాస్టల్లో మొదటి రోజు నుంచీ "నువ్వు" అనే అంటాం. మర్యాద లేక కాదు, దగ్గర కాబట్టి. అయితే "మీరు" ఉన్నచోట "నువ్వు" పెట్టేస్తే పని అయిపోదు, క్రియ కూడా మారాలి. "ఉన్నారు" అలాగే వదిలేస్తే "నువ్వు ఉన్నారు" అవుతుంది. ఉన్నారు ఉన్నావు కావాలి, మీ నీ కావాలి, మిమ్మల్ని నిన్ను కావాలి. ఒక్కటి మిగిలినా గౌరవం సగంలో మారినట్టు ఉంటుంది. ఇంకో సంగతి, తెలుగులో ప్రతి వాక్యం "నువ్వు"తో మొదలవ్వక్కర్లేదు. "కష్టపడి చదివావు" అంటే చాలు, ఎవరో ఆ చివరి "వు"లోనే తెలిసిపోతుంది. వరసగా మూడు వాక్యాలు మీరు, మీరు, మీరు అని మొదలైతే అది మార్చిన తెలుగు అని అక్కడే తెలిసిపోతుంది.

అసలైనది "మా". ఇక్కడ తొందరపడకూడదు. మెసేజ్‌లో ఇది మూడుచోట్ల ఉంది: మా గ్రామానికి, మా కోసం, మేము గర్వపడుతున్నాము. అన్నిటినీ "మన" చేసేస్తే రెండు చెడిపోతాయి. ప్రతిచోటా ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఈ మాటలో అక్క ఉందా, లేదా? ఊళ్లో ఉంది, కాబట్టి మన ఊరు. ఆమె సాయం చేసింది మాకు, ఆ "మాకు"లో ఆమె లేదు, కాబట్టి "మా కోసం" సరైనదే. ఆమెని చూసి సంతోషపడేది మేము, అదీ సరైనదే. మూడింట్లో తప్పు ఒక్కటే. కానీ ఉన్న ఒక్కటీ ఆమెకి ఎక్కడ నొప్పో అక్కడే తగిలేది. కువి, కుయి మాట్లాడే ఇళ్ల పిల్లలకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, ఆ భాషల్లోనూ "మేము"కి, "మనం"కి వేరువేరు మాటలున్నాయి. ఈ పోస్టు మొదట్లో నేను "మా ఊళ్లో" అన్నాను చూడండి. చదివే మీరు వేరే ఊళ్ల వాళ్లు కాబట్టి అలా అన్నా. అక్కతో అయితే అలా అనలేను.

"చాలా దూరం వచ్చారు" అన్నది ఇంగ్లీషులో మెచ్చుకోలు, ఎంతో ఎదిగావు అని. తెలుగులో బస్సు దిగిన చుట్టాన్ని పలకరించినట్టుంది. దీనికి బదులు ఇంకో పెద్ద మాట వెతకలేదు, జరిగిందే రాశాం: మన ఊరి నుంచి నర్సు అయిన మొదటిదానివి నువ్వే.

"గర్వపడుతున్నాం" గురించి కొంచెం వాదన జరిగింది. పేపర్లలో, సభల్లో ఇప్పుడు ఈ మాట మామూలే, తప్పనలేం. కానీ మా ఊళ్లో "దానికి గర్వం ఎక్కువైంది" అంటే పొగరెక్కిందని. అక్క ఆ మెసేజ్ వాళ్లమ్మకి చదివి వినిపిస్తుంది. అప్పటికే పట్నం మనిషి అన్న మాట పడ్డవాళ్లింట్లో గర్వం అన్న మాట ఎందుకు? మనలో నిజంగా సంతోషమైతే ఏం చేస్తాం? నలుగురికీ చెప్పుకుంటాం. అందుకే "మా అక్క అని అందరికీ చెప్పుకుంటాం" అని రాశాం. ఇక్కడ "మా" పక్కాగా సరిపోయింది, బయటివాళ్లతో చెప్పే మాట కదా.

చివరిది "వందేళ్లు వర్ధిల్లండి". ఇది దీవెన. దీవెన పెద్దవాళ్లు చిన్నవాళ్లకి ఇస్తారు. మేం ఆమెకంటే చిన్నవాళ్లం, అక్షింతలు వేయించుకునే వరసలో ఉన్నాం. చిన్నవాళ్లు కోరుకోవచ్చు, "చల్లగా ఉండాలి" అనొచ్చు. "ఉండు", "వర్ధిల్లు" అని తల మీద చెయ్యి పెట్టినట్టు అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

అన్నీ దిద్దాక పంపింది ఇది:

"అక్కా, పుట్టినరోజు శుభాకాంక్షలు. మన ఊరి నుంచి నర్సు అయిన మొదటిదానివి నువ్వే. ఎంత కష్టపడి చదివావో దగ్గరుండి చూశాం. మాకు జ్వరం వస్తే రాత్రంతా పక్కనే కూర్చున్నావు. కష్టంలోనూ సుఖంలోనూ మమ్మల్ని వదల్లేదు. మా అక్క అని అందరికీ చెప్పుకుంటాం. నువ్వు అనుకున్నవన్నీ జరగాలి, చల్లగా ఉండాలి. ఈసారి ఇటుకల పండక్కి మన ఊరు రా అక్కా, కలిసి ఆడదాం."

జ్వరం మాట, పండగ మాట ఇంగ్లీషులో లేవు. దిద్దుతుంటే తమ్ముడికే గుర్తొచ్చాయి. అక్క నుంచి సాయంత్రం ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "సెలవు పెట్టాను, వస్తున్నా. మన ఊరే కదా" అంది. ఆ "మన" ఆమె నోట్లోంచి రావడం మాకు చాలు.

మీరూ ఇలా మార్చిన మెసేజ్ పంపేముందు సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి చాలామంది చేసే పని ఒకటుంది: తెలుగుని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి చూడటం. మందపాటి, సన్నని లాంటివి అందులో దొరుకుతాయి. అసలు తప్పులు మాత్రం దొరకవు. "మా ఊరు" మార్చినా, "మన ఊరు" మార్చినా ఇంగ్లీషులో వచ్చేది "అవర్ విలేజ్" ఒక్కటే. నువ్వు, మీరు రెండూ "యూ" అయిపోతాయి. పోయిన తేడా పోయినట్టే ఉంటుంది, పరీక్ష మాత్రం పాస్ అయినట్టు కనబడుతుంది.

దానికంటే మంచి పద్ధతి, మార్చడానికి ముందే ఒక లైను రాసి పెట్టుకోవడం: ఎవరు, ఎవరికి, ఏమని పిలుస్తూ చెప్తున్నారు. వార్డెన్ సార్‌కైతే "సార్, మీరు" వస్తుంది, అప్పుడు యంత్రం ఇచ్చిన "మీరు" చాలావరకు పనికొస్తుంది. మేనత్త కూతురికైతే ఇంగ్లీషులో "కజిన్" అని ఉంటుంది. దాన్ని సోదరి చేసి వదినకో మరదలికో పంపితే ఇల్లంతా ఏడాది పాటు ఆటపట్టిస్తారు. ఆ లైను పక్కన పెట్టుకుని, మెసేజ్‌ని పైకి చదవాలి. ఆ మనిషి ఎదురుగా నిలబడితే ఆ మాట మీ నోట్లోంచి వస్తుందా? రాకపోతే, ఆ మనిషితో మీరు రోజూ అనే మాటే అక్కడ పెట్టండి.

మీ ఇళ్లలో పుట్టినరోజుకి పెద్దవాళ్లు ఏమని దీవిస్తారో, చిన్నవాళ్లు ఏమని కోరుకుంటారో, తెలుగులో అయినా మీ ఇంటి భాషలో అయినా కింద రాయండి. తర్వాత ఎవరైనా మెసేజ్ దిద్దుకోవాలంటే అందులోంచి తీసుకుంటారు.