సున్నా వచ్చినా తప్పే

పోయిన ఇంటర్నల్‌లో రిగ్రెషన్ లెక్క తప్పి మార్కులు పోయాయి. అందుకే పహాడీ షరీఫ్‌లో బస్సెక్కి 1, 2, 3, 4 కిలోమీటర్లకు పట్టిన టైమ్ రాసుకున్నా: 4, 5, 8, 11 నిమిషాలు. రాత్రి చేత్తో లెక్కేస్తే స్లోప్ 0.4, ఇంటర్‌సెప్ట్ 6. ఎర్రర్లన్నీ కలిపితే సున్నా. హాయిగా పడుకున్నా.

పొద్దున చూస్తే డౌటొచ్చింది. 3 కిలోమీటర్లలో 7 నిమిషాలు పెరిగితే స్లోప్ 2 దాటాలి కదా! అసలు సంగతేంటంటే, ఇంటర్‌సెప్ట్‌ని సగటుల నుంచే తీస్తాం కాబట్టి స్లోప్ ఎంత తప్పైనా ఎర్రర్ల మొత్తం సున్నానే. ఈసారి ఒక్కో ఎర్రర్‌ని దాని కిలోమీటర్లతో గుణించి కలిపా. సున్నా రావాల్సింది 10 వచ్చింది. వెతికితే, 4×11 దగ్గర 34 అని రాశా! సరిగ్గా ఆ 10 తేడానే. దిద్దితే స్లోప్ 2.4, ఇంటర్‌సెప్ట్ 1.