రిక్రూటర్‌కి మేం పంపిన నాలుగు ముక్కలు



మాది భద్రాచలం దగ్గర హాస్టల్. మా రూంలో ముగ్గురం, బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి ఏడాది. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే ఫస్ట్. పోయిన నెల లింక్డ్‌ఇన్‌లో హైదరాబాద్ కంపెనీ ఒకటి డేటా ట్రైనీ ఉద్యోగం పెట్టింది. అడిగినవి ఎక్సెల్, కొంచెం SQL, ఆఫీసుకి వచ్చి పనిచేయడం. పోస్టు కిందే పెట్టిన రిక్రూటర్ మేడం పేరు ఉంది.

ముందు అప్లై చేశాం, తర్వాతే మెసేజ్. ఎందుకంటే రిక్రూటర్ చేతిలో ఒకేసారి చాలా పోస్టులుంటాయి. "సర్, ఐ నీడ్ జాబ్" అని పంపితే ఏ ఉద్యోగమో ఆమెకి తెలీదు. అప్లై చేసి, ఉద్యోగం పేరు, జాబ్ ఐడీ రాస్తే మన అప్లికేషన్ వెతికి తీయొచ్చు.

పరిచయం లేనివాళ్లకి ఫ్రీ అకౌంట్‌లో మామూలుగా నేరుగా మెసేజ్ పోదు. కనెక్ట్ నొక్కి, చిన్న నోట్ పెట్టాలి. దానికి 200 అక్షరాలే, అదీ నెలకి కొన్నే. అందుకే ముగ్గురం కూర్చుని ఒక్కో మాట లెక్కబెట్టి ఇంగ్లీషులో రాశాం. తెలుగులో చెబితే ఇంతే: "నమస్తే మేడం. మీ డేటా ట్రైనీ పోస్టుకి అప్లై చేశాను, ఐడీ ఇది. బీఎస్సీ ఆఖరి ఏడాది. హాస్టల్ మెస్ మూడు నెలల సరుకుల లెక్క ఎక్సెల్‌లో చేశాను. జూన్‌లో చేరగలను."

మెస్ లెక్క ఎందుకంటే, అది మేం నిజంగా చేసిన పని. బియ్యం, పప్పు రోజుకెంత పోతోందో పివోట్ టేబుల్ వేసి వార్డెన్ సార్‌కి చూపించాం. "కష్టపడి పనిచేస్తాను" అని ఎవరైనా రాస్తారు. ఈ లెక్క గురించి ఎంత లోతుగా అడిగినా మేం చెప్పగలం.

ఎస్టీ అని, ఇంటి కష్టం అని రాయాలా వద్దా అని రాత్రి పన్నెండు దాకా వాదించుకున్నాం. రాయలేదు. సిగ్గుపడి కాదు. ప్రైవేట్‌లో మనకి రిజర్వేషన్ లేదు, ఆ పోస్టులో అడిగింది ఎక్సెల్. ఉన్న 200 అక్షరాలు దానికే కావాలి. ఇంటర్వ్యూలో ఊరు అడిగితే గట్టిగానే చెప్తాం.

నోట్ ఒకరి పేరుతోనే పోయింది. మిగతా ఇద్దరూ తమ సొంత పని రాసుకుని వేరే పోస్టులకి పంపారు. ఒకే నోట్ మూడు పేర్లతో పోతే కాపీ అని ఇట్టే పట్టేస్తారు.

ఐదో రోజు జవాబొచ్చింది. బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా, ప్రొవిజనల్ ఎప్పుడొస్తుంది అని రెండే ప్రశ్నలు. లేవని, రిజల్ట్ వచ్చాకే ప్రొవిజనల్ ఇస్తారని ఉన్నదున్నట్టు రాశాం. ఆన్‌లైన్ టెస్ట్ లింక్ పంపారు. డబ్బులు ఎక్కడా అడగలేదు. అడిగితే అక్కడే ఆపేద్దామని ముందే అనుకున్నాం.

టెస్ట్ శనివారం. ఆ రోజుకి సెలవులు, ఊళ్లో సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. ఒక్క రూం తెరిచి ఉంచమని వార్డెన్ సార్‌ని అడిగాం, సరేనన్నారు. గంటన్నర నిలిచే నెట్ కోసం ఇంకా చూస్తున్నాం.