ఏ కొట్లో ఏ పేరు

లండన్‌కు కొత్తగా చదువుకోడానికి వచ్చే పిల్లలకు వంట సరుకుల చిట్టా రాసివ్వడం ఇక్కడి తెలుగు ఇళ్లలో మామూలే. తెలుగు పేరు, పక్కన హిందీ పేరో ఇంగ్లీషు పేరో రాసి ఫోన్‌లో పంపిస్తాం. కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ లాంటివాటికి అది చాలు. తూర్, ఉరద్, హింగ్ అంటే ఏ ఇండియన్ కొట్టులోనైనా చేతికిస్తారు. చిక్కొచ్చేది ఒకే పేరు రెండు సరుకులకు ఉన్నప్పుడు. కొట్టువాడు అడిగిందే ఇస్తాడు, పిల్లవాడు రాసిందే అడుగుతాడు, ఇంటికొచ్చేది మాత్రం వేరే సరుకు.

కిందటేడు మా అక్క కొడుకు హౌన్‌స్లోలో గది తీసుకుని, సాయంత్రం ఇడ్లీల్లోకి చట్నీ చేసుకుంటూ ఫోన్ చేశాడు. “పిన్నీ, పుట్నాలు ఎంతసేపు తిప్పినా మెత్తబడట్లేదు, నోట్లో ఇసకలా తగులుతున్నాయి” అన్నాడు. ఫొటో పంపమన్నాను. గిన్నెలో ఉన్నది గోధుమ నూక. లెస్టర్‌లో చదివిన సీనియర్ ఒకరు పంపిన చిట్టా వాడి దగ్గరుంది. అందులో ‘పుట్నాలు అంటే దాలియా’ అని ఉంది. వాడు సౌతాల్ వెళ్లి దాలియా అడిగాడు, కిలో పొట్లం ఇచ్చారు.

ఇందులో తప్పు ఎవరిదీ కాదు. లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డు కొట్లు ఎక్కువగా గుజరాతీలవి. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియావాళ్లను వెళ్లగొట్టినప్పుడు వచ్చిన కుటుంబాలు చాలా అక్కడ స్థిరపడ్డాయి. గుజరాతీలో దాలియా అంటే వేయించి పొట్టు తీసిన శనగపప్పే, మన పుట్నాలే. గోధుమ నూకను వాళ్లు ఫాడా అంటారు. సౌతాల్ పంజాబీల పేట. అక్కడ దాలియా అంటే పొద్దున్నే పాలల్లో ఉడికించుకు తినే గోధుమ నూక. ఆ సీనియర్ రాసింది లెస్టర్‌లో అక్షరాలా నిజం. చిట్టా ఊరు మారింది, అందులోని పేరు మాత్రం ఊరు మారలేదు.

అదే పిల్లవాడు ఈస్ట్‌హామ్‌లో తమిళుల కొట్టుకు వెళ్లి ఉంటే పొట్టుకడలై అని అడగాలి. కన్నడవాళ్లను అడిగితే హురిగడలె అంటారు. సౌతాల్‌లోనే కావాలంటే భునా చనా అనాలి. అయితే అలా అడిగినప్పుడు చాలాసార్లు పొట్టుతో ఉన్న వేయించిన గుండు శనగలు ఇస్తారు. పరవాలేదు. అరచేతుల మధ్య నలిపి పొట్టు ఊదేస్తే చట్నీకీ పొడికీ పనికొస్తాయి, రంగు కాస్త ముదురుగా వస్తుందంతే. పొట్లం మీద ఇంగ్లీషులో రోస్టెడ్ చనా దాల్ అనో రోస్టెడ్ గ్రామ్ అనో ఉంటుంది. ఇక్కడ పొట్లం కట్టి అమ్మే ఆహార పదార్థాల మీద సరుకు పేరు ఇంగ్లీషులో ఉండి తీరాలన్నది చట్టం కాబట్టి ఆ మాట వెతుక్కోవచ్చు. ‘రోస్టెడ్’ అన్న మాట లేకపోతే అది పచ్చి శనగపప్పు కావచ్చు.

ఇంటికొచ్చాక పరీక్ష ఇంకా సులువు. పంటి కింద ఒక బద్ద వేసుకుంటే పుట్నాలు వెంటనే పొడి అవుతాయి, పచ్చి శనగపప్పు లొంగదు. ఇంకో మోసకారి సూపర్ మార్కెట్లో ఉంటుంది. ఎల్లో స్ప్లిట్ పీస్ అని అమ్మే ఎండు బఠాణీ బద్దలు చూడ్డానికి శనగపప్పులాగే ఉంటాయి. బద్ద నున్నగా, గుండ్రంగా ఉంటే బఠాణీ అని అనుమానించాలి. ఉడికించితే తేలిపోతుంది. శనగపప్పు బద్ద ఉడికినా ఆకారం నిలుపుకుంటుంది, బఠాణీ గుజ్జయిపోతుంది. మామూలు పప్పుగా వండుకుంటే నష్టమేం లేదు గానీ, బొబ్బట్ల పూర్ణం మాత్రం జారుగా అయి చేతికి అంటుకుంటుంది.

పుట్నాలకన్నా పెద్ద చిక్కు నల్ల జీలకర్రతో. ఇక్కడ మన తెలుగు మాటే రెండువైపులా ఉంది. బిర్యానీలో వేసే షాజీరాను కొందరు నల్ల జీలకర్ర అంటారు, కలోంజీని ఇంకొందరు నల్ల జీలకర్ర అంటారు. బెంగాలీవాళ్లు కాలో జీరే అంటే అది కచ్చితంగా కలోంజీ. హిందీవాళ్లు కాలా జీరా అంటే ఎక్కువసార్లు షాజీరా. తూర్పు లండన్‌లో కొట్టువాళ్లు చాలామంది బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లు. అక్కడ బిర్యానీకి కావాలని ‘బ్లాక్ క్యుమిన్’ అడిగితే కలోంజీ చేతికి రావడానికే ఎక్కువ అవకాశం.

కలోంజీకి ఈ దేశంలో ఉన్నన్ని పేర్లు మరో దినుసుకు లేవేమో. నైజెల్లా, బ్లాక్ సీడ్, ఆనియన్ సీడ్ అని లేబుళ్ల మీద రాస్తారు. టర్కీవాళ్ల కొట్లలో చోరెక్ ఓతు, అరబ్బు కొట్లలో హబ్బత్ అల్ బరకా, తమిళంలో కరుంజీరకం. అన్నీ ఒకే మొక్క గింజలు, నైజెల్లా సటైవా. ఉల్లిపాయకూ దీనికీ చుట్టరికం లేదు. అయినా ఆనియన్ సీడ్ అన్న పేరు పాతుకుపోయింది. అందుకే ఆ మాట ఒక్కటే రాసి ఎవరికీ పంపకండి. తోటపని సామాన్లు అమ్మే చోట ఆనియన్ సీడ్ అంటే నిజంగానే నాటుకునే ఉల్లి విత్తనాలు ఇస్తారు. అవీ నల్లగా, కోణాలతో ఉంటాయి. నాటే విత్తనాలకు మందు పట్టించి ఉండవచ్చు కనుక వాటిని వంటలో వేయకూడదు.

షాజీరాను కంటితోనే పట్టుకోవచ్చు. మామూలు జీలకర్రకన్నా సన్నగా, ముదురు గోధుమ రంగులో, కొంచెం వంపు తిరిగి, పొడుగునా గీతలతో ఉంటుంది. కలోంజీ బొగ్గులా నల్లగా, మూడు కోణాలతో, గీతలు లేకుండా ఉంటుంది. వాటిని పక్కపక్కన పెట్టి తీసిన ఒక్క ఫొటో పది పేర్లకన్నా మేలు. ఇంగ్లీషు సూపర్ మార్కెట్లో దొరికే కారవే గింజ షాజీరాను పోలి ఉన్నా లావుగా ఉంటుంది, వాసన ఐరోపా రై రొట్టెను గుర్తుచేస్తుంది. షాజీరా దొరక్కపోతే కారవేను కొంచెం తగ్గించి వాడుకోవచ్చు గానీ బిర్యానీ వాసన మారుతుంది. జర్మనీలో ఉన్న మనవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం. అక్కడ క్యుమ్మెల్ అంటే కారవే. మన జీలకర్ర కావాలంటే క్రొయిట్స్‌క్యుమ్మెల్ అనాలి. ష్వార్ట్స్‌క్యుమ్మెల్ అంటే కలోంజీ. మూడు పేర్ల చివరా ఒకే మాట ఉంది కాబట్టి, చారు పొడికి జీలకర్ర కొనే పిల్లలకు మొదటి సగం కూడా రాసివ్వాలి.

గోంగూర సంగతి మనందరికీ మనసుకు దగ్గరిది కాబట్టి కాస్త నిలబడి చెబుతాను. నిఘంటువులోనూ వంటల పుస్తకాల్లోనూ గోంగూరకు సారెల్ అని రాస్తారు. ఇంగ్లండ్‌లో సారెల్ పేరుతో కనీసం రెండు సరుకులు అమ్ముతారు. ఇంగ్లీషువాళ్ల కూరగాయల అంగట్లో అది రూమెక్స్ జాతి ఆకు, మన చుక్కకూరకు దగ్గరి బంధువు. పప్పులో వేస్తే చక్కగా ఉంటుంది, పచ్చడికి మాత్రం గోంగూర పట్టు రాదు. జమైకావాళ్ల కొట్లో సారెల్ అంటే క్రిస్మస్‌కు పానీయం కాచుకునే ఎండిన ఎర్రటి పూరేకుల్లాంటివి. అవి మన ఎర్ర గోంగూర మొక్కవే, హైబిస్కస్ సబ్దరిఫా. పువ్వు రాలాక కాయను చుట్టుకుని ఉండే కండగల రక్షకపత్రాలు అవి. మొక్క ఒకటే అయినా ఆకు కావాల్సినచోట అవి పనికిరావు. పచ్చడికి కావాల్సింది ఆకు.

ఆకు కావాలంటే మరాఠీవాళ్లను అంబాడీ అని, కన్నడవాళ్లను పుండి అని, తమిళులను పుళిచ్చకీరై అని అడగాలి. బర్మావాళ్ల సరుకులు అమ్మే చోట చిన్‌బౌంగ్ అంటే ఇదే ఆకు, వాళ్లకూ మనలాగే ప్రాణం. గడ్డకట్టించిన పొట్లం మీద సారెల్ లీవ్స్ అని మాత్రమే ఉంటే పారదర్శకంగా ఉన్న చోట ఆకు చూడండి. వేళ్లలా మూడు నుంచి ఐదు పాయలుగా చీలిన ఆకు గోంగూరది. బాణం మొనలా, చీలికలు లేకుండా, కండగా ఉన్నది చుక్కకూర వైపుది. వండేటప్పుడు చేతికి కొంచెం జిగురు తగిలితే గోంగూరే. అది బెండకాయ కుటుంబానిది మరి.

పేరు తప్పితే గొంతుకే తగిలే సరుకు కల్లలూ. జమైకావాళ్ల కొట్లో కల్లలూ అంటే తోటకూర. తెచ్చుకుని నిశ్చింతగా వేపుడు చేసుకోవచ్చు. ట్రినిడాడ్‌వాళ్లకు ఆ పేరు చేమాకుతో చేసే వంటది. చేమాకు సరిగా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది. అందుకే తోటకూర పక్కన కల్లలూ అని రాసేవాళ్లు ‘జమైకా’ అని తప్పకుండా చేర్చాలి. బంగ్లాదేశ్ కొట్టు దగ్గర ఉంటే లాల్ షాక్ అనడం ఇంకా మంచిది. ఎర్ర తోటకూర కట్టలు కళ్లకు కనిపిస్తాయి.

మా అక్క కొడుకు కోసం ఆ చిట్టా తిరగరాసినప్పుడు పేర్లు పెంచలేదు. నిజానికి తగ్గించాను. ఒక దినుసుకు ఎనిమిది పేర్లు వరసగా పెడితే కొట్లో నిలబడ్డ పిల్లవాడికి ఏది ఎక్కడ అడగాలో తెలియదు. పుట్నాల దగ్గర ఇలా రాశాను: “సౌతాల్‌లో భునా చనా, ఈస్ట్‌హామ్‌లో పొట్టుకడలై, గుజరాతీ కొట్లో దాలియా. పొట్లం మీద రోస్టెడ్ అని ఉండాలి. కొరికితే పొడి కావాలి. పంజాబీ కొట్లో దాలియా అనవద్దు.” ఆ చివరి మాటే అన్నిటికన్నా పనికొచ్చిందని వాడే చెప్పాడు. ఎక్కడ ఏమని అడగకూడదో మన చిట్టాల్లో ఎవరూ రాయరు.

తెలుగు పేరు కూడా ఒక్కటే రాస్తే సరిపోదు. మా కృష్ణా జిల్లాలో వేయించిన శనగపప్పు అన్నదే తెలంగాణ పిల్లలకు పుట్నాలు. మేం వేరుశనగలంటాం, వాళ్లు పల్లీలంటారు, రాయలసీమలో కొన్నిచోట్ల బుడ్డలంటారు. ఇక్కడి కొట్లో అవి పీనట్స్, ఆఫ్రికావాళ్ల దగ్గర గ్రౌండ్‌నట్స్, తొక్కతో ఉన్న కాయలైతే మంకీ నట్స్. ఒకే గదిలో గుంటూరు పిల్లా కరీంనగర్ పిల్లా ఉంటే ఇద్దరికీ అర్థమయ్యేలా రెండు తెలుగు మాటలూ రాయండి.

మీరు ఉండే ఊరు ఏదైనా, ఈసారి సరుకుల చిట్టా ఎవరికైనా పంపేటప్పుడు ప్రతి పేరు పక్కనా అది ఏ పేటలో, ఎవరి కొట్లో చెల్లుతుందో రాయండి. పోలికతో పొరపాటు పడే సరుకుంటే ఫొటో జతచేయండి.