పొగకి సాక్ష్యం

పొమ్మనలేక పొగబెట్టడం అని మనకో మాట ఉంది. నోటితో వెళ్ళిపొమ్మంటే మాట పడాలి, అందుకని ఊపిరాడకుండా చేస్తే వాళ్ళంతట వాళ్ళే లేచిపోతారు. ఉద్యోగాల్లో జరిగే ఇదే పనికి కెనడా కోర్టుల్లో ఒక పేరుంది: కన్‌స్ట్రక్టివ్ డిస్మిసల్. రాజీనామా ఉత్తరం మీద సంతకం ఉద్యోగిదే అయినా, అందుకు తగిన కారణం యజమాని కల్పించి ఉంటే, చట్టం దృష్టిలో అది రాజీనామా కాదు, ఉద్యోగంలోంచి తీసేయడమే. తీసేస్తే ఇవ్వాల్సిన డబ్బు అప్పుడూ ఇవ్వాలి.

వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, పొగ పెట్టినవాడు పెట్టలేదంటాడు, నిరూపించాల్సింది దగ్గినవాళ్ళు. నేను వకీలుని కాను. హామిల్టన్‌లో ఉండే మాకు తెలిసిన అమ్మాయి ఒకామె ఈ దారిలో నడిచినప్పుడు కొన్ని నెలల పాటు పక్కన ఉన్నాను. ఆ కాగితాలు చదవడం వల్ల తెలిసిందే ఇక్కడ రాస్తున్నాను.

ఆమె ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. తన కింద నలుగురు. కొత్త మేనేజర్ వచ్చిన మూడు నెలల్లో ఆ నలుగుర్నీ ఇంకొకరి కిందికి మార్చారు. జీతం తగ్గించలేదు, హోదా పేరూ మార్చలేదు, పని మాత్రం ఇన్‌వాయిస్‌లు ఎక్కించడం దగ్గరికి వచ్చింది. తర్వాత వారానికి 350 ఇన్‌వాయిస్‌ల టార్గెట్. అది అందుకోలేదని సోమవారం మీటింగులో అందరి ముందూ లెక్క చదివించడం, ఆమె ఉచ్చారణని అనుకరించి నవ్వడం. ఒక శుక్రవారం ఫోన్ చేసి, "అక్కా, ఇంక నావల్ల కాదు. సోమవారం పొద్దున్నే రిజైన్ చేసేస్తా. వ్యక్తిగత కారణాలని రాసేస్తే గొడవుండదు కదా" అంది.

ఆ "వ్యక్తిగత కారణాలు" అన్న మాట మనవాళ్ళందరికీ అలవాటే. పోయేటప్పుడు మంచిగా పోదామనీ, రేపు రిఫరెన్స్ అడగాల్సి వస్తుందనీ, అవకాశమిచ్చినందుకు కృతజ్ఞతలు కూడా చేర్చి ఇచ్చేస్తాం. రేపు కోర్టుకి వెళ్తే అవతలి వకీలు మొట్టమొదట చూపించేది ఆ ఉత్తరమే.

అసలు కోర్టులు ఏం చూస్తాయో ముందు చెప్పాలి. 2015లో కెనడా సుప్రీంకోర్టు పాటర్ కేసులో దీన్ని రెండు దారులుగా విడమరిచింది. మొదటిది, ఉద్యోగ ఒప్పందంలో ముఖ్యమైన అంశాన్ని యజమాని ఏకపక్షంగా, పెద్ద ఎత్తున మార్చడం. జీతం, హోదా, బాధ్యతలు ఇందులోకి వస్తాయి. రెండోది, ఏ ఒక్కటీ విడిగా పెద్దది కాకపోయినా, వరసగా జరిగినవన్నీ కలిపి చూస్తే ఈ మనిషితో ఒప్పందం కొనసాగించే ఉద్దేశం యజమానికి లేదని తేలడం. రెండిట్లోనూ కొలబద్ద ఒకటే: ఆ పరిస్థితిలో ఉన్న సగటు వివేకవంతుడికి ఎలా కనిపిస్తుంది అని. మనకి ఎంత బాధ కలిగిందన్నది ఒక్కటే సరిపోదు.

ఆ రెండో దారికి పాతకాలపు ఉదాహరణ షా వర్సెస్ జిరాక్స్ కెనడా. ఏళ్ళ తరబడి బాగా పనిచేసిన ఉద్యోగి మీద కొత్త మేనేజర్ ఆధారాల్లేని విమర్శలు మొదలుపెట్టాడు, వివరం అడిగితే చెప్పలేదు, చివరికి ప్రొబేషన్‌లో పెట్టాడు. ఆయన రాజీనామా చేసి దావా వేశాడు. జీతమూ హోదా మారకపోయినా, అక్కడ కొనసాగడం భరించరానిదిగా చేశారు కాబట్టి ఇది తొలగింపేనని ఒంటారియో అప్పీలు కోర్టు 2000లో ఒప్పుకుంది.

అవమానం సంగతికొస్తే, హామిల్టన్‌కి నైరుతిగా కొన్ని గంటల ప్రయాణంలో ఉన్న విండ్సర్‌లో జరిగిన బౌచర్ కేసు చదవాలి. ఆమె వాల్‌మార్ట్‌లో 1999 నుంచి ఉంది, 2008 నవంబరులో విండ్సర్ దుకాణానికి అసిస్టెంట్ మేనేజరుగా వచ్చింది. 2009 మే నెలలో, ఫ్రిజ్‌ల ఉష్ణోగ్రత నమోదు పుస్తకంలో తప్పుడు అంకెలు వేయమని మేనేజర్ అడిగితే కాదంది. అక్కణ్ణుంచి ఆర్నెల్లు తోటివాళ్ళ ముందు తిట్లు, వెటకారం. పైవాళ్ళకి ఫిర్యాదు చేస్తే, విచారించి, ఆరోపణలకి ఆధారం లేదన్నారు. నవంబరులో ఒకరోజు, పదిదాకా లెక్కపెట్టడం వచ్చో రాదో చూపించమని, సరుకు పేర్చిన చెక్క పలకల్ని అందరి ముందూ లెక్కపెట్టించాడు. ఆమె వెళ్ళిపోయింది.

జ్యూరీ కోటీ నలభై కాదు, కానీ వార్తల్లో మారుమోగేంత ఇచ్చింది: కంపెనీ మీద 12 లక్షల డాలర్లు, మేనేజర్ మీద రెండున్నర లక్షలు. 2014లో అప్పీలు కోర్టు వాటిని 3 లక్షలకి, లక్షా పదివేలకి తగ్గించింది. నాకు ముఖ్యంగా తోచింది వేరే అంకె. అచ్చంగా ఉద్యోగం పోయినందుకు ఆమెకి ఒప్పందం ప్రకారం వచ్చింది 20 వారాల జీతం. మిగిలినదంతా ఆ ప్రవర్తన ఎంత ఘోరంగా ఉందో దానికి. అది నిలబడిందంటే, తాము కళ్ళారా చూసింది తోటి ఉద్యోగులు కోర్టుకొచ్చి చెప్పబట్టి. మామూలు కేసుల్లో వచ్చేది నోటీసు జీతం మాత్రమే. లక్షలొస్తాయనుకుని బయల్దేరకూడదు.

ఇప్పుడు మా అమ్మాయి చేసింది చెప్తాను. సోమవారం రాజీనామా చేయలేదు. ముందు పాత ఆఫర్ లెటర్, ప్రమోషన్ ఉత్తరం, తనకిచ్చిన వార్షిక సమీక్షల కాపీలు వెతికి పెట్టుకుంది. ఏది మారిందో చెప్పాలంటే ముందు ఏముండేదో చూపించాలి కదా. తర్వాత ఒక నోటుపుస్తకం ఇంట్లోనే పెట్టుకుంది. జరిగినరోజు రాత్రే తారీఖు, టైము, ఎక్కడ, ఎవరెవరున్నారు, అన్నమాట అన్నట్టుగా ఇంగ్లీషులోనే, దానికి తనేం జవాబిచ్చింది. "అవమానించాడు" అని రాస్తే అది అభిప్రాయం. ఏ మాట అన్నాడో, ఎవరు నవ్వారో రాస్తే అది సాక్ష్యం. నెల తర్వాత గుర్తుచేసుకుని రాసినదానికి ఆ బలం ఉండదు.

టార్గెట్ విషయంలో కన్నీళ్ళ కన్నా కూడికలు పనికొచ్చాయి. వారానికి 37.5 గంటలంటే 2,250 నిమిషాలు. ఆ విభాగంలో ఒక ఇన్‌వాయిస్ సరిచూసి ఎక్కించడానికి సగటున 12 నిమిషాలు పడుతుంది. ఊపిరి తీసుకోకుండా చేసినా 187 దాటదు. 350 కావాలంటే ఒక్కోదానికి ఆరున్నర నిమిషాలు కూడా దొరకవు. పక్కవాళ్ళ టార్గెట్ 160. ఈ నాలుగు వాక్యాలూ మెయిల్‌గా మేనేజరుకి పంపి, 350 అన్న అంకె ఎలా వచ్చిందో చెప్పమని మర్యాదగా అడిగింది. జవాబు రాలేదు. జవాబు రాకపోవడమూ ఒక కాగితమే. ఇక్కడో హద్దు గుర్తుంచుకోవాలి. అందుకోగలిగిన టార్గెట్ పెట్టి, తప్పులు చూపించి, సరిదిద్దుకోవడానికి నిజంగా గడువిస్తే అది కష్టంగా ఉన్నా పొగ కాదు, నిర్వహణే.

రెండో మెయిలు ఇంకా ముఖ్యమైనది. బాధ్యతలు మార్చడాన్ని తను ఒప్పుకోవడం లేదనీ, అభ్యంతరంతోనే పని చేస్తున్నాననీ అందులో రాసింది. మారిన పరిస్థితిలో నోరెత్తకుండా నెలల తరబడి పనిచేస్తే, మీరు ఒప్పుకున్నట్టేనని అవతలివాళ్ళు వాదిస్తారు. ఒంటారియో ఉద్యోగ ప్రమాణాల చట్టం కూడా, మార్పు జరిగాక తగిన కాలంలోగా రాజీనామా చేస్తేనే దాన్ని తొలగింపుగా లెక్కిస్తుంది. ఆ "తగిన కాలం" ఇన్నిరోజులని చట్టం చెప్పలేదు. అభ్యంతరం కాగితం మీద ఉంటే కొంత వెసులుబాటు.

మూడోది, వేధింపుల మీద హెచ్‌ఆర్‌కి రాతపూర్వక ఫిర్యాదు. ఒంటారియోలో 2016 నుంచి అలాంటి ఫిర్యాదుని యజమాని తగినట్టు విచారించి, ఫలితాన్ని రాతలో చెప్పాలి. ఆమెకి రెండు లైన్ల జవాబొచ్చింది, సాక్షులుగా తను పేర్లిచ్చినవాళ్ళలో ఒక్కర్నీ పిలవకుండానే. నిద్రపట్టక డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కారణం కూడా చెప్పింది, అదీ డాక్టరు ఫైల్లో నమోదైంది.

చేయనివి కూడా ఉన్నాయి. ఫోన్‌లో రహస్యంగా రికార్డు చేద్దామనుకుంది. సంభాషణలో తను ఉంటే కెనడాలో అది నేరం కాదు. కానీ బ్రిటిష్ కొలంబియాలో ఒక అకౌంటెంటు తన సహోద్యోగుల్ని అలా రికార్డు చేశాడని బయటపడితే, ఆ ఒక్క కారణమే అతన్ని తీసేయడానికి చాలునని అక్కడి అప్పీలు కోర్టు 2023లో నిర్ధారించింది. కంపెనీ ఖాతాల ఫైళ్ళు సొంత మెయిలుకి పంపుకోవడమూ అలాంటిదే. తనకి వచ్చిన ఉత్తరాలు, తను రాసిన నోట్సు, అంతవరకే.

ఇవన్నీ పట్టుకుని ఉద్యోగ చట్టం చూసే వకీలు దగ్గరికి వెళ్ళింది, రాజీనామాకి ముందు. వెళ్ళాక కేసు నిలబడదంటే ఉద్యోగమూ ఉండదు, డబ్బూ ఉండదు. రాజీనామా ఉత్తరం పది లైన్లే. ఏం మార్చారు, ఎప్పుడు అభ్యంతరం చెప్పాను, ఫిర్యాదు ఏమైంది, అందువల్ల నన్ను తొలగించినట్టే భావిస్తున్నాను. కృతజ్ఞతలు లేవు.

ఆ తర్వాత గడువులు. ఒంటారియోలో దావాకైనా, కార్మిక శాఖ ఫిర్యాదుకైనా మామూలుగా రెండేళ్ళు. అయితే కార్మిక శాఖలో నోటీసు జీతం కోసం ఫిర్యాదు చేసి రెండు వారాల్లో వెనక్కి తీసుకోకపోతే, అదే తొలగింపు మీద కోర్టు దారి మూసుకుపోతుంది. జాతి, ఉచ్చారణ లాంటి వివక్ష ఉంటే మానవ హక్కుల ట్రిబ్యునల్‌కి ఏడాదే. బ్యాంకుల్లాంటి కేంద్ర పరిధి సంస్థల్లో చేసేవాళ్ళకి వేరే చట్టం, అక్కడ అన్యాయపు తొలగింపు మీద ఫిర్యాదుకి 90 రోజులే. యూనియన్ ఉన్నవాళ్ళు యూనియన్ ద్వారానే వెళ్ళాలి. ఒకే యజమానికి కట్టేసిన వర్క్ పర్మిట్ మీద ఉండి వేధింపులు పడేవాళ్ళకి 2019 నుంచి విడిగా ఓపెన్ వర్క్ పర్మిట్ అడిగే వీలుంది. దానికీ ఇవే కాగితాలు కావాలి.

రాజీనామా చేసినా ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ రాదని అనుకోనక్కర్లేదు. వేధింపు, వెళ్ళిపొమ్మని యజమాని ఒత్తిడి, న్యాయమైన కారణాల జాబితాలో ఉన్నాయి. వేరే దారి లేకపోయిందని చూపించగలగాలి, అంతే. ఆమెకి ముందు కాదన్నారు, మెయిళ్ళ కాపీలు జతచేసి పునఃపరిశీలన అడిగితే ఇచ్చారు. కొత్త ఉద్యోగం కోసం పెట్టిన ప్రతి దరఖాస్తూ తారీఖుతో రాసుకుంది, ఎందుకంటే నష్టం తగ్గించుకోవడానికి ప్రయత్నించావా అని కోర్టు అడుగుతుంది.

కేసు కోర్టుదాకా పోలేదు. వకీలు ఉత్తరం వెళ్ళిన నాలుగు నెలలకి కంపెనీ రాజీకొచ్చింది. ఎంతకో బయట చెప్పకూడదన్నది షరతు, నన్నూ అడగొద్దంది, నేనూ అడగలేదు. వకీలు ఫీజు పోగా కొత్త ఉద్యోగం దొరికేదాకా ఇల్లు గడిచింది. ఆ మేనేజర్ అక్కడే ఉన్నాడట.