జ్వరం దిగిన రాత్రి

మా చిన్నవాడికి అప్పుడు పదహారు నెలలు, బరువు 10 కిలోలు. ఇషా నమాజు వేళకు వాడి ఒళ్లు కాలిపోసాగింది. థర్మామీటరు పెడితే 102 డిగ్రీలు. అమ్మీ అప్పటికే వాణ్ణి రెండు దుప్పట్లలో చుట్టారు. చెమట పడితే జ్వరం దిగుతుందని పెద్దల నమ్మకం. దుప్పటి వేడిని బయటికి పోనివ్వదని ఆమెకు నెమ్మదిగా నచ్చజెప్పి, పలుచని నూలు చొక్కా మాత్రమే ఉంచాము.

మందు దగ్గర మాత్రం మేమే పొరబడబోయాము. రెండు నెలల క్రితం వైద్యులు పారాసిటమాల్ సిరప్ 6 మి.లీ. ఇమ్మన్న సంగతి మాకు గుర్తుంది. ఆ సీసా అయిపోయింది. కొత్త సీసా తెరిచి, అదే కొలత పోసి, యథాలాపంగా చీటీ చదివాము. పాత మందులో 5 మి.లీ.కి 120 మిల్లీగ్రాములు, దీనిలో 250! నర్సుగా పనిచేసే ఆపాకు ఫోను చేశాము. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున వాడికి 150 చాలునని, అంటే ఈ సీసాలో 3 మి.లీ. మాత్రమేనని ఆమె చెప్పారు. మేము పోసింది రెట్టింపు! అలాంటి మోతాదులు పదేపదే పడితే కాలేయం దెబ్బతింటుందట. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలని, రోజుకు నాలుగు మించరాదని కూడా హెచ్చరించారు.

గంట తర్వాత జ్వరం 100.6 దగ్గర ఆగింది. అయినా వాడు పాలు తాగాడు, నవ్వాడు. పూర్తిగా దిగలేదేమని మేము ఆందోళన పడితే ఆపా నవ్వారు. ఈ మందు బాధను తగ్గిస్తుందే గాని రోగాన్ని నయం చేయదు, ఫిట్స్‌ను ఆపదు. బిడ్డ హాయిగా ఆడుకుంటుంటే 101 ఉన్నా మందు అక్కర్లేదు, నిద్రలేపి పోయవలసిన పని అసలే లేదు.

మరునాటి రాత్రి జ్వరం 99.5కు దిగింది. మేము ఊపిరి పీల్చుకున్నాము, కాని వాడు పాలు ముట్టలేదు, ఆటబొమ్మ వైపు చూడలేదు, వాలిపోయి పడుకున్నాడు. ఆపా చెప్పినట్లు చొక్కా ఎత్తి, ఏడవకుండా ఉన్నప్పుడు నిండుగా ఒక నిమిషం శ్వాసలు లెక్కించాము. 54 వచ్చాయి. ఏడాది నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు 40 దాకా వెళితేనే వేగమన్నట్లు. పైగా గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింది భాగం లోపలికి పోతోంది. "ఫోను పెట్టేసి బయలుదేరండి" అన్నారామె.

అది న్యుమోనియా. ఆక్సిజన్, యాంటీబయాటిక్ ఇంజక్షన్లతో నాలుగు రోజులకు, అల్హందులిల్లాహ్, ఇంటికి వచ్చాము.

తక్షణం ఆసుపత్రికి పరుగెత్తించే లక్షణాలు ఇంకా ఉన్నాయని ఆపా ఆ తర్వాత చెప్పారు. ఫిట్స్ రావడం, లేపినా సరిగా మేల్కొనకపోవడం, తాగిందంతా కక్కేయడం, మెడ బిగుసుకోవడం, ఎనిమిది గంటలు మూత్రం రాకపోవడం, గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాని మచ్చలు అటువంటివి. మూడు నెలలలోపు పసికందుకైతే 100.4 జ్వరం ఒక్కటే చాలు.

ఇప్పుడు కొత్త సీసా రాగానే దానిపై వాడి బరువు, తేదీ, మోతాదు సిరాతో రాస్తున్నాము. మొన్న బరువు చూస్తే 12 కిలోలు. పాత అంకె కొట్టేసి 3.6 అని రాశాము.