ముగింపు దాచండి, ఊరు చెప్పండి

రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా ఉండేవాళ్లకు కథలు కావాలి. ముత్తుకూరు చుట్టుపక్కల గుంటల్లో ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ ఒక మనిషి మేలుకుని ఉండాల్సిందే. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యకపోతే నీళ్లలో ప్రాణవాయువు తగ్గి పంట పోతుంది. అందుకే చెవిలో ఇయర్‌ఫోన్, ఫోన్‌లో ఏదో ఒక జానపద కథ. నేనూ వింటాను. వింటాను కాబట్టే నాకీ కోపం.

మొన్న కాటమరాజు కథ కోసం వెతికాను. ఒక వీడియో బొమ్మ మీద ఎర్రటి అక్షరాలతో పోరులో ఎవరు కూలిపోతారో రాసేశారు. కథ చెప్పినవాళ్ల పేరు లేదు, వాళ్లది ఏ ఊరో లేదు. చెప్పకూడనిది చెప్పి, చెప్పాల్సినవన్నీ దాచారు.

ఊరు చెప్పమనడం మర్యాద కోసం కాదు. ఇది పదమూడో శతాబ్దపు నెల్లూరు సీమ కథ. కరువొచ్చి కాటమరాజు ఆలమందలను తోలుకుని నల్లసిద్ధి రాజు బీళ్లకు వస్తాడు. మేపుకున్నందుకు పుల్లరిగా పుట్టిన కోడెదూడలను ఇస్తానని ఒప్పుకుంటాడు. తర్వాత రాజుగారి ఇష్టసఖి పెంచిన చిలుక మందను బెదరగొడుతుంది, గొల్లలు దాన్ని కొడతారు. ఆ పగతో ఆమె మందలో ఆవులను చంపిస్తుంది. ఇక పుల్లరి ఇవ్వనంటాడు కాటమరాజు. గొల్లల కోసం కొమ్మువారు పాడితే మాట తప్పినవాడు రాజు. నెల్లూరు వైపు నుంచి వింటే కథంతా ఖడ్గ తిక్కన చుట్టూ తిరుగుతుంది. కవి తిక్కనకు పెదతండ్రి కొడుకని చెప్పుకునే ఆ వీరుడు పోరు నుంచి ఇంటికి తిరిగొస్తాడు. భార్య చానమ్మ మంచం అడ్డుపెట్టి, స్నానానికి నీళ్లతోపాటు పసుపుముద్ద కూడా ఉంచుతుంది. తల్లి అన్నంలోకి విరిగిన పాలు పోస్తుంది. ఆ పసుపుముద్ద చూసి తిక్కన ఏం చేశాడో ఇక్కడ రాయను. వినేవాడికి ఆ ఘడియ దక్కాలి. అయితే ఎవరి నోటి కథ వింటున్నామో ముందే తెలిస్తే, ఎవరి పక్షాన నిలబడి వింటున్నామో తెలుస్తుంది.

చెప్పినవారి పేరూ అంతే. పల్నాటి వీరుల కథను జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో పుస్తకంగా వేశాడు. ఆలిసెట్టి గాలెయ్య పాడిన కథ అది. పాడినవాడి పేరు తెలుసు గనక, ఫలానా ఘట్టం ఇలా ఉందంటే అది గాలెయ్య కథలోదని చెప్పగలుగుతున్నాం. మరొకరు పాడింది వేరుగా ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. పేరు తీసేస్తే ఆ తేడా ఎవరిదో తెలియదు. వీడియోల్లో చాలాసార్లు పుస్తకం చూసి చదివే గొంతుకూ, తాతల నాటి నుంచి పాడుకొచ్చిన గొంతుకూ తేడా తెలియనివ్వరు. చదువుతుంటే చదువుతున్నామనీ, ఏ పుస్తకమో అనీ చెప్పాలి.

నిడివి కూడా చెప్పమంటే, ఫోన్ తెర మీద కనిపిస్తుంది కదా అంటారు. నలభై నిమిషాల వీడియోలో పలకరింపులు ఎంత, కథ ఎంత? రాత్రుల తరబడి సాగే కథలో ఇది ఎన్నో భాగం, ఎక్కడ ఆగుతుంది? నేనైతే వీడియో కింద ఇలా రాస్తాను: ‘కాటమరాజు కథ, పుల్లరి తగువు. గొల్లల పక్షం నుంచి. కొమ్మువారి పాట ఆధారంగా చెప్పినది.’ ఆ కింద కథకుడి పేరు, ఊరు. తర్వాత, ‘కథ రెండో నిమిషంలో మొదలై ముప్పై ఎనిమిదో నిమిషంలో ఆగుతుంది. ఒప్పందం దగ్గర మొదలు, రాయబారం దాకా. పోరు ఇందులో లేదు. రక్తపాతం, శాపనార్థాలు ఉన్నాయి, పిల్లలకు వినిపించకండి.’ ఇంతే. తగువు ఏమిటో చెప్పొచ్చు, తీర్పు మాత్రం చెప్పకూడదు.

ఆ తగువు మాత్రం నన్ను వదలదు. మేపుకున్న గడ్డికి పుల్లరి బాకీ పడ్డమాట నిజం. బీడు ఇచ్చినవాడి మనుషులే ఆవులను చంపితే ఆ బాకీ ఉన్నట్టా, తీరినట్టా? మా దగ్గర గుంటలు కౌలుకు తీసుకున్నవాళ్లకు ఏటా ఇదే మాట వస్తుంది. వైట్ స్పాట్ తగిలి నెలన్నరకే పంట పోతుంది. గుంట ఎండగట్టి, సున్నం చల్లి మళ్లీ పిల్ల వేసేలోపు కౌలు గడువు మీద పడుతుంది. పిల్ల మంచిదై, పక్క గుంట నుంచి వదిలిన నీళ్లే కాలువలో కలిసి రోగం వచ్చిందని తేలితే? ఆ పక్క గుంట కూడా అదే ఆసామిదైతే? ‘నేల ఇచ్చాను, కౌలు నాది’ అంటాడు ఆసామి. ‘నీళ్లు పాడుచేసింది ఎవరన్నా, నువ్వు కాదా’ అంటాడు కౌలుదారు. టీ కొట్టు దగ్గర ఇద్దరి వైపూ మనుషులుంటారు. నేను కౌలుదారు వైపే. కాగితంలో నీళ్ల సంగతి ఒక్క ముక్కైనా రాసుకోకుండా ఎవరూ గుంట తీసుకోకూడదు.